అమ్మమ్మకు నువ్వు, మాస్టారికి మీరు: థాంక్స్ ఉత్తరం రాసేటప్పుడు

ప్రశ్న: "నాకు ఈమధ్యే గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. ముగ్గురికి చేత్తో ఉత్తరం రాసి థాంక్స్ చెప్పాలనుకుంటున్నాను. మా అమ్మమ్మ, పదో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారు, నాలుగేళ్ళు రూమ్‌లో పెట్టుకుని చూసుకున్న ఫ్రెండ్. అమ్మమ్మని ఇంట్లో నువ్వు అనే అంటాం, కానీ కాగితం మీద నువ్వు అని రాస్తే మర్యాదగా ఉండదేమో అని టెన్షన్. మాస్టారికి పూజ్యులైన, తమరు లాంటివి రాయాలా? ఫ్రెండ్‌కి కూడా రాతలో మీరు అనాలా? తెలిసినవాళ్ళు చెప్పగలరు."

సమాధానం:

అమ్మమ్మకు నువ్వు, మాస్టారికి మీరు, ఫ్రెండ్‌కి నువ్వు. నోటితో ఎలా పిలుస్తారో రాతలోనూ అలాగే పిలవండి. కాగితం మీదకు వచ్చింది కదా అని నువ్వును మీరు చేయనక్కర్లేదు, మీరును తమరు చేయనక్కర్లేదు. మర్యాద ఇంకాస్త పెంచాలనిపిస్తే మొదటి పలకరింపులో, చివరి సంతకం దగ్గర, చెప్పే సంగతిలో పెంచండి. వాక్యం చివరి క్రియ మాత్రం మీ ఇద్దరి మధ్య ఎప్పుడూ ఉన్నట్టే ఉండాలి.

నేను విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు ప్రూఫులు దిద్దాను. శుభలేఖలు, సన్మాన పత్రాలు, రిటైర్మెంట్ సభల్లో పంచే చిన్న పుస్తకాలు మాకు ఎక్కువగా వచ్చేవి. వాటిలో శిష్యులు, పిల్లలు, మనవలు రాసిన కృతజ్ఞతా లేఖలు చాలా ఉండేవి. వాటిని దిద్దుతూ నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

ముందు అమ్మమ్మ సంగతి. నేను కూడా ఒకప్పుడు మీలాగే ఆలోచించాను. 1988లో గుంటూరు హాస్టల్లో ఉండి చదువుకునేవాణ్ణి. మా ఇంట్లో నాన్నగారిని మీరు అనేవాళ్ళం, అమ్మను నువ్వు అనేవాళ్ళం. మొదటి నెల డబ్బులు, ఒక సీసాలో గోంగూర పచ్చడి వచ్చాయి. అందినట్టు ఇన్‌లాండ్ లెటర్ రాస్తుంటే పక్క మంచం సీనియర్ చూసి, "పెద్దవాళ్ళకు రాసేటప్పుడు నువ్వు అని రాయకూడదు, మీరు అని రాయాలి" అన్నాడు. నిజమే కాబోలు అనుకుని, "అమ్మా, మీరు పంపిన పచ్చడి అందినది. మీకు నా ధన్యవాదములు" అని రాశాను.

మా అమ్మ మూడో తరగతి వరకే చదువుకుంది. ఉత్తరాలు పక్కింటి అమ్మాయి చదివి పెట్టేది. ఆ వాక్యం విని అమ్మ, "మళ్ళీ చదువు" అందట. రెండోసారి విన్నాక, "వీడికి నామీద కోపం వచ్చిందా? ఒంట్లో బాగోలేదా? మీరు అంటున్నాడేంటి?" అని ఒకటే దిగులు పెట్టుకుంది. ఆ ఆదివారం నాన్నగారు బస్సెక్కి హాస్టల్‌కి వచ్చారు, నేను బాగున్నానో లేదో చూసి వెళ్ళడానికి. తర్వాతి ఉత్తరంలో, "అమ్మా, నువ్వు పెట్టిన పచ్చడి మూడు రోజుల్లో అయిపోయింది, రూమ్‌లో అందరూ తిన్నారు" అని రాశాను. ధన్యవాదం అనే మాటే లేదు. ఆ ఉత్తరాన్ని అమ్మ చాలాకాలం బియ్యం డబ్బా పక్కన దాచుకుంది.

మా అమ్మకు మర్యాద తక్కువైందని బాధ కలగలేదు. మర్యాద ఎక్కువైనందుకే కలిగింది. తెలుగులో మీరు అనే మాట రెండు పనులు చేస్తుంది. గౌరవం చూపిస్తుంది, దూరాన్నీ చూపిస్తుంది. మొదటినుంచీ మీరు అనే మనిషి దగ్గర అందులో గౌరవం ఒక్కటే వినిపిస్తుంది. నిన్నటిదాకా నువ్వు అన్న మనిషిని ఇవాళ మీరు అంటే దూరమే వినిపిస్తుంది. మనం తిరుపతి వెంకన్ననైనా, భద్రాచలం రాముణ్ణైనా "నువ్వే దిక్కు" అని మొక్కుకుంటాం తప్ప "మీరే దిక్కు" అనం. అక్కడ భక్తికి ఏమీ తక్కువ లేదు.

ఇళ్ళలో పద్ధతులు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. కోస్తాలో చాలా ఇళ్ళలో నాన్నగారు, తాతగారు, మామయ్యగారు అని పిలిచి మీరు అంటారు. తెలంగాణ పల్లెల్లో చాలా ఇళ్ళలో తాతనైనా, నాయననైనా నువ్వు అనే అంటారు. అది వాళ్ళ ప్రేమ, అందులో అమర్యాద లేదు. పక్క జిల్లా నుంచి వచ్చిన కోడలో, అల్లుడో మాత్రం తన పుట్టింటి అలవాటుతో కొలిచి తప్పు పట్టే ప్రమాదం ఉంది. అందుకని మీ అమ్మమ్మకు రాసేటప్పుడు వేరే ఇంటి పద్ధతి చూడకండి, మీ ఇంటి పద్ధతే సరైనది.

అమ్మమ్మ ఉత్తరంలో మర్యాద ఎక్కడ పెట్టాలంటే, మొదట్లో "అమ్మమ్మకు నమస్కారం" అని రాయండి. నమస్కారం, నువ్వు పక్కపక్కన చక్కగా ఇముడుతాయి. చివర "నీ మనవడు" అని సంతకం చేయండి. ధన్యవాదాలు, కృతజ్ఞతలు అనే మాటలు సొంత అమ్మమ్మ దగ్గర లెక్క తీర్చేసినట్టు ఉంటాయి. ఆ మాట బదులు ఆవిడ చేసిన పని రాయండి. "పరీక్షల ముందు నెల రోజులు నువ్వు తెల్లవారుజామున నాలుగింటికి లేచి నాకు టీ పెట్టావు. నేను వద్దన్నా వినలేదు." ఈ రెండు వాక్యాల్లో థాంక్స్ ఉంది. ఇంకో సంగతి, అమ్మమ్మ ఉత్తరాన్ని ఎవరో ఒకరు పైకి చదివి వినిపించే అవకాశం ఎక్కువ. రాశాక ఒకసారి మీరే పైకి చదువుకోండి. మీ అమ్మమ్మతో మాట్లాడుతున్నట్టు వినిపించాలి.

అమ్మమ్మకు, తాతగారికి కలిపి ఒకే ఉత్తరం రాస్తే మాత్రం మీరు వస్తుంది, కానీ అది ఇద్దరు కాబట్టి వచ్చిన మీరు. "మీరిద్దరూ" అని ఒకసారి రాసేస్తే గందరగోళం ఉండదు. ఆ తర్వాత అమ్మమ్మ ఒక్కదానితోనే మాట్లాడే చోట "అమ్మమ్మా, నువ్వు మాత్రం..." అని మళ్ళీ నువ్వులోకి రావచ్చు.

అచ్చులో వచ్చే రాతకు ఒక తేడా ఉంది. సహస్ర చంద్ర దర్శనం వేడుకకు పిల్లలు చిన్న పుస్తకం వేయించుకునేవారు. అందులో నేరుగా అమ్మతో మాట్లాడే పేజీ ఉంటే నువ్వు అనే ఉంచమనేవాణ్ణి. అదే అమ్మ గురించి సభలో వాళ్ళకు చెప్పే పేజీ అయితే "మా అమ్మగారు మమ్మల్ని పెంచారు" అని దిద్దేవాణ్ణి. ఆవిడతో మాట్లాడటం వేరు, పదిమందిలో ఆవిడ గురించి మాట్లాడటం వేరు. రెండూ ఒకే పేజీలో కలిసిపోతేనే చదివేవాళ్ళకు ఇబ్బంది.

ఇక మాస్టారు. ఇక్కడ మీరు తప్ప వేరే దారి లేదు. మీకు ఎంత పెద్ద ఉద్యోగం వచ్చినా, ఆయన ఇప్పుడు మీతో స్నేహితుడిలా మాట్లాడినా మీరే. అంతా ఇంతవరకు సరిగ్గానే రాస్తారు. తప్పులు దొర్లేది మీరు అనే మాట దగ్గర కాదు, దాని తర్వాత వచ్చే వాటి దగ్గర. ఒక ఉదాహరణ చూపిస్తాను.

ఒక హైస్కూలు మాస్టారి రిటైర్మెంట్ పుస్తకం మా ప్రెస్సుకు వచ్చింది. ఆయన దగ్గర చదువుకుని బ్యాంకులో పనిచేస్తున్న ఒకమ్మాయి అర పేజీ రాసి తెచ్చింది. మనసు పెట్టి రాసింది. అందులో ముఖ్యమైన భాగం ఇలా ఉంది:

"పూజ్యులైన గురుదేవులకు, తమరి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది. మీరు నా జీవితాన్ని మార్చిన గొప్ప ఉపాధ్యాయుడు. మా నాన్న టీసీ తీసుకోవడానికి స్కూలుకు వచ్చినప్పుడు మీరు ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడి, సాయంత్రం మా ఇంటికి వచ్చి, పరీక్ష ఫీజు నేనే కట్టేశానని చెప్పి, ఎవరికీ చెప్పొద్దన్నావు. ఆ వారం మీ భార్య నాకు అన్నం పెట్టింది. మీకు నా శుభాశీస్సులు."

ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో చోటా పెన్సిలుతో గీత పెట్టాను.

మొదటి గీత "చెప్పొద్దన్నావు" కింద. చిన్న వాక్యంలో "మీరు అన్నావు" అని ఎవరూ రాయరు. ఇక్కడ మీరు వాక్యం మధ్యలో ఉంది, క్రియ రెండు లైన్ల తర్వాత ఉంది. మధ్యలో కూర్చోబెట్టి, మాట్లాడి, వచ్చి, చెప్పి అని నాలుగు పనులు దొర్లాయి. చివరికి వచ్చేసరికి చేతికి రోజూ స్నేహితులకు టైపు చేసే అలవాటే గుర్తుకొచ్చింది. మర్యాద తప్పేది ఎక్కువగా పొడుగు వాక్యం తోకలోనే. తెలుగులో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మనం నువ్వు, మీరు అనే మాటలను తరచుగా వదిలేస్తాం. "నిన్న ఫోన్ చేశారు", "బాగా చెప్పారు" అంటే సరిపోతుంది. అంటే మర్యాదనంతా క్రియ చివరి అక్షరమే మోస్తోంది. చివర వు ఉందా, రు ఉందా అన్నదే చూడాలి. రాసింది సరిచూసేటప్పుడు మొదటినుంచి చదవకండి. ఫుల్‌స్టాపు నుంచి ఫుల్‌స్టాపుకు గెంతుతూ చివరి మాటలు మాత్రమే చూడండి. మేము ప్రూఫులు అలాగే చూసేవాళ్ళం. ఒక పేజీకి అర నిమిషం చాలు.

రెండో గీత "గొప్ప ఉపాధ్యాయుడు" కింద. ఇక్కడ క్రియ లేదు, అందుకని తప్పు కనిపించదు. కానీ మీరు అన్నాక వచ్చే పేరు కూడా మర్యాదలోనే ఉండాలి. "మీరు గొప్ప ఉపాధ్యాయులు", "మీరు మంచివారు". స్నేహితుడికైతే "నువ్వు మంచివాడివి". మన గురించి చెప్పుకునేటప్పుడు "నేను మీ శిష్యుణ్ణి", "నేను మీ శిష్యురాలిని". కృతజ్ఞుణ్ణి, కృతజ్ఞురాలిని కూడా అంతే. సన్మాన పత్రాల్లో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు దిద్దింది ఈ ఉపాధ్యాయుడు, నాయకుడు, మార్గదర్శకుడు అనే మాటలే.

మూడో గీత "మీ భార్య నాకు అన్నం పెట్టింది" కింద. మాస్టారికి మర్యాద ఇచ్చి, వాళ్ళింటివాళ్ళకు ఇవ్వకపోతే ఆ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆడవాళ్ళ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. మగవాళ్ళకు పెట్టాడు, పెట్టారు అని రెండు మెట్లు ఉన్నాయి. ఆడవాళ్ళకు కింది మెట్టు "పెట్టింది". అదే మాట ఆవుకు, బస్సుకు, వానకు కూడా వాడతాం. సొంత అమ్మ గురించి "పెట్టింది" అంటే ముద్దుగా ఉంటుంది కానీ, మాస్టారి భార్య గురించి, లేడీ టీచర్ గురించి రాసేటప్పుడు "పెట్టారు", "చెప్పారు" అనే రాయాలి. మీ భార్య, మీ ఆవిడ అనే మాటల బదులు ఆ రోజుల్లో ఆవిడను ఏమని పిలిచేవారో అదే రాయమన్నాను. "మేడమ్ గారు" అంది.

నాలుగోది "శుభాశీస్సులు". ఆశీస్సులు పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు ఇస్తారు. మనం వాళ్ళకు నమస్కారాలు చెప్పాలి. వాళ్ళు బాగుండాలని రాయాలనుకుంటే "మీ ఆరోగ్యం బాగుండాలని కోరుకుంటున్నాను" అనొచ్చు. అభినందనలు అనే మాటను కూడా థాంక్స్ అనే అర్థంలో వాడేస్తున్నారు, అది మెచ్చుకోవడానికి వాడేది. మాస్టారికి కావలసింది కృతజ్ఞతలు, ధన్యవాదాలు.

చివరగా మొదటి వాక్యం మొత్తానికీ గీత పెట్టాను. "పూజ్యులైన", "తమరి పాదపద్మములు", "వ్రాయునది" వ్యాకరణం ప్రకారం తప్పులు కావు. పాత తరం ఉత్తరాల్లో అవి మామూలే. మహారాజశ్రీ, ఉభయకుశలోపరి అని రాసుకున్న కాలంలో అవి ఇమిడాయి. ఇప్పుడు రోజూ అలా రాయని మనిషి ఒక్క ఉత్తరం కోసం రాస్తే, మొదటి లైను ఒక గొంతులో, మిగతాది ఇంకో గొంతులో వినిపిస్తుంది. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడి నూరేళ్ళు దాటింది. "చేసితిరి" కంటే "చేశారు"లో మర్యాద ఏమీ తక్కువ కాదు. తమరు అనే మాటకు ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడది ఆఫీసు అర్జీల్లోనో, ఆలస్యంగా వచ్చినవాణ్ణి "తమరు ఇప్పుడు వేంచేశారా" అని దెప్పడంలోనో మిగిలింది. థాంక్స్ చెప్పే చోట ఆ నీడ పడకుండా ఉంటేనే మంచిది.

"మీరు ఆయన్ని క్లాసులో ఏమని పిలిచేవారు?" అని అడిగాను. "సార్ అనేవాళ్ళం" అంది. "అయితే సార్ అనే మొదలుపెట్టమ్మా" అన్నాను. అక్కడే కూర్చుని మళ్ళీ రాసింది:

"సార్, నమస్కారం. మా నాన్న టీసీ తీసుకోవడానికి స్కూలుకు వచ్చిన రోజు మీకు గుర్తుందో లేదో. మీరు ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడారు. సాయంత్రం మీరే మా ఇంటికి వచ్చారు. పరీక్ష ఫీజు కట్టేశానని, ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని అన్నారు. ఆ వారమంతా మేడమ్ గారు నాకు మీ ఇంట్లోనే అన్నం పెట్టారు. మీ మాట ప్రకారం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీరు రిటైర్ అవుతున్నారు కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను. మీకు, మేడమ్ గారికి నా కృతజ్ఞతలు. మీ విద్యార్థిని."

రెండోసారి రాసినప్పుడు తనంతట తానే పొడుగు వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసింది. వాక్యం చిన్నదైతే క్రియ దగ్గరకు వస్తుంది, రు తప్పిపోదు.

పిలుపు గురించి ఇంకో మాట. సార్, మాస్టారు, టీచర్, మేడమ్, పంతులుగారు, ఏది అలవాటైతే అదే రాయండి. మాస్టారు అనే మాటలోనే గౌరవం ఉంది, మళ్ళీ "మాస్టారుగారు" అనక్కర్లేదు. పిలిచేటప్పుడు "మాస్టారూ" అని చివర సాగుతుంది. కి, ని చేరితే "మాస్టారికి", "మాస్టారిని" అవుతుంది. గారు కూడా అంతే. "గారుకి", "గారుని" అని ఫోన్లలో చాలామంది టైపు చేస్తున్నారు. గారికి, గారిని అని రాయాలి. తెలుగు చెప్పిన మాస్టారైతే ఉత్తరంలో మొదట ఆయన కన్ను పడేది దానిమీదే.

మీ ప్రశ్నలో లేదు కానీ, ఈ ముగ్గురికీ రాశాక మీకు ఎదురయ్యే చిక్కు ఒకటి చెబుతాను. నువ్వు అనాలో మీరు అనాలో నిజంగా తేలని మనుషులు ఉంటారు. ఇరవై ఏళ్ళ తర్వాత కలిసిన క్లాస్‌మేట్, వయసులో చిన్నదైనా వరసకు పెద్దదైన వదిన, ఒకప్పటి జూనియర్, ఇప్పటి ఆఫీసరు. అలాంటప్పుడు తెలుగే ఒక దారి ఇచ్చింది. చేసిన, చెప్పిన, పంపిన, వచ్చి, చూసి లాంటి రూపాల్లో నువ్వూ లేదు, మీరూ లేదు. "ఆ రోజు ఫోన్ చేసి చెప్పిన మాట నాకు చాలా ధైర్యం ఇచ్చింది. పంపిన పుస్తకాలు పరీక్షకు బాగా పనికొచ్చాయి." ఇందులో ఎవరినీ నువ్వు అనలేదు, మీరు అనలేదు. ఆ బ్యాంకు అమ్మాయి కూడా "మా నాన్న వచ్చాడు" అనాలా, "వచ్చారు" అనాలా అని తటపటాయించి "వచ్చిన రోజు" అని రాసింది, అంతటితో సరిపోయింది.

ఈ ఉపాయం రెండు మూడు వాక్యాలకే పనికొస్తుంది. అంతకు మించి సాగదీస్తే, తప్పించుకుంటున్నారని అవతలివాళ్ళకు తెలిసిపోతుంది. నీ, మీ అనే మాటలు ఎక్కడో ఒకచోట రాక తప్పవు కూడా. వాట్సాప్‌లో అయితే మొదటి మెసేజ్ అలా పంపి, జవాబు చూడండి. వాళ్ళు "ఎలా ఉన్నావు" అంటే మీరూ నువ్వులోకి వెళ్ళండి. "ఎలా ఉన్నారు" అంటే మీరులో ఉండండి. వెనక్కి మార్చడం కష్టం కాబట్టి, అనుమానం ఉన్నప్పుడు మీరుతో మొదలుపెట్టడమే మేలు. మీరు నుంచి నువ్వుకు రావడం అందరికీ సంతోషంగా ఉంటుంది. నువ్వు నుంచి మీరుకు వెళితే ఏదో తేడా వచ్చిందనుకుంటారు.

ఫ్రెండ్ దగ్గర ఎక్కువ చెప్పాల్సింది లేదు. నువ్వు అనే రాయండి. మీరు అని రాస్తే పెళ్ళి పిలుపులా ఉంటుంది. "థాంక్స్ రా" అనడం మీ ఇద్దరికీ అలవాటైతే ఆ రా కూడా రాయండి, కానీ ఉత్తరం మొత్తంలో ఒకటి రెండు చోట్ల చాలు. మాటలో ప్రతి వాక్యానికీ వచ్చే రా, కాగితం మీద ప్రతి లైనుకూ వస్తే చెవిలో కొట్టినట్టు ఉంటుంది. ఉత్తరం మొదట్లోకంటే చివర, మనసులో మాట చెప్పే చోట అది బాగుంటుంది. "ఆ నాలుగేళ్ళూ నువ్వు రూమ్ అద్దెలో నా వాటా అడగలేదు. నేను గుర్తుచేసినా ఉద్యోగం వచ్చాక చూద్దాంలే అన్నావు. మర్చిపోను రా." ఇలా. ధన్యవాదాలు, కృతజ్ఞుణ్ణి లాంటివి ఇక్కడ వద్దు. ఒరేయ్, ఏమే లాంటి పిలుపులు, ఆ ఉత్తరం అతని భార్యో, అమ్మానాన్నలో కూడా చదువుతారనుకుంటే తీసేసి పేరు పెట్టండి.

రూమ్‌లో ముగ్గురు నలుగురు ఉండి అందరికీ కలిపి రాస్తే మీరు తప్పదు, ఎందుకంటే తెలుగులో చాలామందిని పిలవడానికి ఉన్నది అదొక్కటే. ఆ మీరులో దూరం ఏమీ ఉండదు. "మీరంతా లేకపోతే నేను మధ్యలోనే వదిలేసేవాణ్ణి రా" అంటే చనువు ఎక్కడికీ పోలేదు. అతని అమ్మానాన్నలకు కూడా ఒక మాట రాయాలనుకుంటే, వాళ్ళకు విడిగా ఒక చిన్న కాగితం పెట్టండి. "ఆంటీ, మీరు పంపిన క్యారేజీ" అని మీరులో రాయండి. కొడుకు ఉత్తరంలో నువ్వు మధ్యలో వాళ్ళను ఇరికిస్తే ఏ వాక్యం ఎవరికో తెలియదు.

ముగ్గురి ఉత్తరాలూ ఒకేసారి కూర్చుని రాయకండి. నువ్వులో ఒకటి రాసి వెంటనే మీరులోకి వెళితే చెయ్యి పాత దారిలోనే పోతుంది. మాస్టారి ఉత్తరం ముందు రాయండి, దానికి వేరే పూట పెట్టుకోండి. తెల్లారి చివరి మాటలు ఒకసారి చూసుకుని కవర్లో పెట్టండి.

కవరు మీద చిరునామా దగ్గర మాత్రం అందరికీ గారు రాయండి, ఫ్రెండ్‌కి కూడా. అది చదివేది పోస్ట్‌మ్యాన్, వీధిలోవాళ్ళు. అమ్మమ్మ కవరు మీద "శ్రీమతి" అని పేరు రాసి, చివర "గారికి" అని పెట్టండి. లోపల "అమ్మమ్మా, నువ్వు..." అని మొదలైతే ఆ రెండిటికీ ఏమీ గొడవ లేదు.